ముప్పై ఒకటి తర్వాత

మే మూడో వారంలో నూకరాజుకి అంకెల మీద కోపం వచ్చింది. ఒకటో తరగతి పూర్తయింది, వందదాకా తడుముకోకుండా చెప్తాడు. అయినా గోడ మీది క్యాలెండర్ మాత్రం వాడికి లొంగలేదు.

బంగారం కొట్టువాళ్లిచ్చిన క్యాలెండర్ అది. పైన అట్ట మీద అరసవల్లి సూర్యనారాయణస్వామి, కింద రోజుకొకటి చింపే కాగితాల దొంతర. "జూన్ మూడున మీ నాన్న వచ్చేత్తాడు" అని అమ్మ అన్నదగ్గర్నుంచి వాడు మూడు కోసం వెతుకుతున్నాడు. ఒక మంగళవారం నాడు చూస్తే, కాగితం మీద ఒక మూల నిజంగానే మూడు కనపడింది.

"అమ్మా! ఇయ్యాలే మూడు!"

ఎండుచేపలు తిరగేస్తున్న పార్వతి వచ్చి చూసి నవ్వింది. "ఓర్నీ, అది రాహుకాలంరా. మూడింటికాణ్నించి నాలుగున్నరదాకా."

గుమ్మంలో వల బాగుచేసుకుంటున్న తాత వాణ్ని దగ్గరికి పిలిచాడు. చదువు రాదు ఆయనకి. కానీ ఇంట్లో క్యాలెండర్ చూసి సంసారం నడిపేది ఆయనే. "పెద్దంకె ఒక్కటే మనది. సుట్టూ ఉన్న సిన్నంకెలన్నీ పంతులుగారివి. ఎర్రగుంటే ఆదివారం. నల్ల సున్న ఉంటే అమాస, తెల్ల సున్న ఉంటే పున్నమి. అంతే, ఇంకేట్నేదు."

అంతే అనుకుని వాడు స్టూలెక్కి కాగితాలు కింది నుంచి ఒక్కొక్కటే ఎత్తుకుంటూ పోయాడు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి. తర్వాత ఒకటి. మళ్లీ వెనక్కి వెళ్లి చూశాడు. రెండు కాగితాలు అంటుకుపోయాయేమోనని వేలు తడిచేసి విడదీశాడు. ముప్పై రెండు లేదు.

"తాతా, ముప్పై రెండు సింపీసినారు ఎవరో."

తాత దగ్గర దీనికి జవాబు లేదు. ఆయనకి నెలంటే అమాస నుంచి అమాస. చివరికి పక్కింటి లక్ష్మి వచ్చి చెప్పింది. తొమ్మిదో తరగతికి వెళ్లబోతోంది, కాబట్టి కొంచెం దర్జాగానే చెప్పింది. అంకెలు నెలాఖరుకి అయిపోతాయట, మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయట, అందుకే పైన నెల పేరు కూడా చదవాలట. 'మే' వాడికి వచ్చు. 'జూన్' రాదు. జకి కొమ్ము దీర్ఘం ఎలా తిరుగుతుందో ఇసకలో రాసి చూపించింది. సాయంత్రానికల్లా వీధిలో ఇసకంతా జూలే.

జూన్ 3, సోమవారం. ఆ కాగితం మూల మడిచి పెట్టుకున్నాడు.

కళింగపట్నం అవతల ఉన్న ఆ ఊళ్లో సగం ఇళ్లలో మగవాళ్లు ఆగస్టులో గుజరాత్ వెళ్లిపోతారు. వెరావల్‌లో బోట్లు ఎక్కుతారు. వెళ్లేముందే బోటుకి పెద్దగా ఉండే తండేలు అడ్వాన్సు తెచ్చి చేతిలో పెడతాడు, ఆ డబ్బు ఇంటి శ్లాబుకో పాత అప్పుకో పోతుంది. బోటు సముద్రంలోకి వెళ్తే ఇరవై రోజులైనా ఫోను ఉండదు. మే 13న ఓట్లకి హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి జనం దిగారు గానీ వెరావల్ నుంచి ఒక్కరూ రాలేదు. నడిసముద్రంలో ఉన్నవాడి ఓటు ఎవరడుగుతారు? జూన్ ఒకటిన అక్కడ వేట నిషేధం మొదలయ్యాకే బోట్లన్నీ ఒడ్డుకి చేరతాయి. ఇక్కడి తీరంలో ఏప్రిల్ 15నే మొదలైంది, అందుకే తాత ఇంటిపట్టున ఉన్నాడు.

మూల మడిచిన కాగితం వచ్చింది. వాడు తెల్లవారకముందే లేచి తలస్నానం చేసి కూర్చున్నాడు. నాన్న రాలేదు.

"అమాస ఎల్లాక వత్తాడ్రా" అంది పార్వతి, వాడి మొహం చూడకుండా.

మర్నాడు ఓట్ల లెక్కింపు. ఊరంతా టీవీల ముందుంది, టపాకాయలు కాల్చారు. నూకరాజు మాత్రం నల్ల సున్న వెతికి పట్టుకున్నాడు. 6, గురువారం. ఆ కాగితం పైకొచ్చిన రోజు గోడ ముందు నిలబడి 'అమావాస్య' అని కూడబలుక్కుని చదివాడు. వస్య అన్నాడు, వాస్య అన్నాడు, చివరికి సరిగ్గా పలికాడు. తాత సంతోషించి రెండు రూపాయలిచ్చాడు.

ఆ తర్వాత నల్ల సున్న గోడ మీద నుంచి కదల్లేదు.

పడుకుని లేచినా అదే. మళ్లీ పడుకుని లేచినా అదే. కాగితం చింపేది రోజూ అమ్మే, పొయ్యి వెలిగించేముందు. అడిగితే "పనుందిరా" అంటోంది. అమావాస్య పెద్దది కాబట్టి ఎక్కువ రోజులుంటుందేమో అని వాడు మొదట సర్దిచెప్పుకున్నాడు. కానీ ఒక ఉదయం వీధి చివర కోళ్ల కొట్టు ముందు జనం గుంపు కనిపించింది. చర్చి మైకు కూడా మోగుతోంది. వాడు తిన్నగా ఇంట్లోకి వచ్చాడు.

"అమ్మా, ఇయ్యాల ఆదివారం. ఎర్రంకె ఉండాలి గదా?"

పార్వతి మాట్లాడలేదు.

"గురువారం తరవాత శుక్రారం, శనారం. మూడు కాగితాలు సింపాలి. నువ్వు సింపనేదు."

తాత వల పక్కన పెట్టాడు. "వోడికి సెప్పీ. వోడికి సదువొచ్చీసింది, ఇంకెన్నాళ్లు దాస్తావ్?"

ఆమె చెంగుతో చెయ్యి తుడుచుకుని చెప్పింది. లెక్క తేలలేదట. ఇంటి శ్లాబుకి తీసుకున్న అడ్వాన్సు ఇంకా తీరలేదు. బోటు ఒడ్డుకి లాగి, వలలన్నీ బాగుచేసి, ఇంజను విప్పి పెట్టేదాకా ఉండమన్నాడట ఓనరు. అప్పుడు లెక్క చూస్తాడట.

"అయితే ఎప్పుడొత్తాడు?"

"పున్నమికి వత్తానన్నాడు."

వాడు స్టూలెక్కి మూడు కాగితాలు తనే చింపాడు. 9 ఎర్రగా బయటపడింది. దిగి అమ్మ ఫోను తెచ్చి చేతికిచ్చాడు.

"ఫోన్ సెయ్యి. నేను మాటాడతాను."

అవతల నాన్న గొంతు వినపడగానే, బాగున్నావా, అన్నం తిన్నావా అనేవేవీ లేవు. "నాన్నా, పున్నమి వొద్దు. అమాస వొద్దు. అంకె సెప్పు."

కాసేపు అటువైపు మాట లేదు. సుత్తి దెబ్బలు మాత్రం వినిపించాయి. ఎవరో బోటు చెక్కలు కొడుతున్నట్టుంది.

"నానా, టికెట్టు దొరకాలి గదరా. మనోళ్లందరూ ఒకేపాలి బయల్దేరతారు..."

"దొరికితే ఏ అంకె?"

"అహ్మదాబాదులో ఇరవై ఒకటిన ఎక్కితే ఇరవై మూడు పొద్దున్న ఆమదాలవలసలో దిగుతాను."

"ఉండు." వాడు ఫోను స్టూలు మీద పెట్టి కాగితాలెత్తుకుంటూ పోయాడు. "ఇరవై మూడు ఆదివారం. ఎర్రది. సరే. టికెట్టు ఫొటో పెట్టు."

పార్వతి ఫోను తీసుకుని బయటికి వెళ్లి చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో గానీ తిరిగొచ్చాక మర్నాటి కాగితం కూడా వాడే చింపాలని చెప్పింది.

రెండు రోజులకి ఫొటో వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల మధ్య 21 దొరికింది వాడికి. ఇంకా కింద వేరే అంకె ఉంది. దాని పక్కన రెండక్షరాలు, WL.

లక్ష్మి వచ్చేదాకా ఆగలేక తాత దగ్గరికి పరిగెత్తాడు. "తాతా, అరవై ఒకటంట! ఏ నెల్లో ఉంటాది అరవై ఒకటి?"

తాత ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"అది పంతులుగారిదీ కాదు, మనదీ కాదు. రైలోళ్లదిరా" అన్నాడు.