సబ్ మీటర్ల మార్పు, కరెంటు బిల్లు పంపకం: యజమానుల కమిటీకి ప్రతిపాదన

కమిటీ సభ్యులకు నమస్కారం.

గత నెల మెయిన్ హెచ్‌టీ మీటర్‌లో 84,000 యూనిట్లు తిరిగాయి. 46 షాపులు, ఆఫీసుల మీటర్లన్నీ కలిపితే 52,000. మిగిలిన 32,000 'కామన్' అని పేరు పెట్టి చదరపు అడుగుల లెక్కన అందరికీ పంచాం. గొడవలన్నీ ఈ పంపకం దగ్గరే.

క్లాంప్ మీటర్‌తో చూస్తే ఏసీకి నీళ్లు చల్లబరిచే చిల్లర్, లిఫ్టులు, పంపులు, లైట్లు కలిపి సుమారు 25,000. మిగతా 7,000లో 4,600 రెండో అంతస్తు రెస్టారెంటువే. అక్కడ కరెంటును తగ్గించి మీటర్‌కు ఇచ్చే సీటీలు 200/5, మీటర్‌లో పెట్టింది 100/5. అంటే వాడిన దాంట్లో సగమే చూపిస్తోంది. ఆ సగాన్ని పక్కనున్న బట్టల షాపులతో సహా అందరూ కట్టారు. తప్పు మన ప్యానెల్‌లోనే ఉంది కాబట్టి అద్దెదారుణ్ణి అనడానికి లేదు. ఇక 2,400లో ట్రాన్స్‌ఫార్మర్, కేబుళ్ల నష్టం కొంత, మూడు రోజుల పాటు రీడింగ్ తీయడం వల్ల వచ్చే తేడా కొంత.

కాబట్టి షాపుల మీటర్ల కంటే ముందు కామన్ లోడ్లకు మీటర్లు పెడదాం: చిల్లర్, కూలింగ్ టవర్ పంపులు, నీటి పంపులు, లిఫ్టులు, బేస్‌మెంట్ వెంటిలేషన్, లైటింగ్, ఇలా మొత్తం 11. ఖచ్చితత్వంలో సీటీ మీటర్లు 0.5ఎస్ క్లాసువి, నేరుగా కలిపేవి 1.0 క్లాసువి చాలు. డిస్కం మనకు పవర్ ఫ్యాక్టర్ కూడా లెక్కలోకి వచ్చే కేవీఏహెచ్‌లో బిల్లు వేస్తుంది కాబట్టి కిలోవాట్ అవర్‌తో పాటు అదీ నమోదు చేసేవే కొనాలి. జనరేటర్ యూనిట్లకు మీటర్‌లో వేరే రిజిస్టర్ తప్పనిసరి. డీజిల్ యూనిట్‌నీ గ్రిడ్ యూనిట్‌నీ ఒకే రేటుకు కలిపితే జనరేటర్ కనెక్షన్ తీసుకోని షాపులు నష్టపోతాయి.

రీడింగులు వాటంతట అవే వచ్చేలా మీటర్లు మోడ్‌బస్ ఆర్ఎస్-485 డేటా లైన్ మీద, 9600 బాడ్‌తో, లూపుకు 32 మించకుండా రెండు లూపులు. కేబుల్ షీల్డెడ్ ట్విస్టెడ్ పెయిర్. పవర్ కేబుళ్ల ట్రేలో వేయకూడదు. రెండు చివరలా 120 ఓమ్ రెసిస్టర్. కాంట్రాక్టర్లు మరిచిపోయేది ఇదే.

బిల్లులో మూడు వరుసలు ఉంటాయి: సొంత వాడకం, మంజూరైన లోడ్ ప్రకారం డిమాండ్ చార్జి, కొలిచిన కామన్ వాటా. చిల్లర్ ఖర్చు మాత్రం చల్లటి నీళ్లు తీసుకునే వాళ్లకే, తీసుకున్న చల్లదనాన్ని కొలిచే వాళ్ల బీటీయూ మీటర్ ప్రకారం. లిఫ్టు వాటా గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకు ఉండాలా లేదా అన్నది కమిటీ తేల్చాలి. నా దృష్టిలో సగం చాలు.

15 నిమిషాల డేటా వస్తే రాత్రి 1 నుంచి 5 దాకా ఏది ఊరికే తిరుగుతోందో తెలుస్తుంది. చిల్లర్‌కు టన్నుకు ఎన్ని కిలోవాట్లు, భవనానికి చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లు అన్న లెక్క ప్రతి నెలా నోటీసు బోర్డు మీద పెడతాను.

మెయిన్‌కూ సబ్ మీటర్ల మొత్తానికీ తేడా 3 శాతం దాటిన నెల, కారణం దొరికేదాకా బిల్లులు ఆపుతాను. రెస్టారెంటు సీటీ సెట్టింగ్ మాత్రం ఈ ఆదివారమే మార్చడానికి అనుమతి ఇవ్వండి.

ఇట్లు,
ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి