ఏసీసీఏ పరీక్ష ఫీజు కంపెనీ భరించాలని కోరుతూ మేనేజర్‌కు లేఖ

హైదరాబాద్,
14 జూలై 2025

రమేష్ గారికి,

నమస్కారం.

విషయం: డిసెంబరులో రాయబోయే ఏసీసీఏ పేపర్లు రెండింటి ఫీజు

మార్చి క్లోజ్‌లో ఒక గోడౌన్ లీజు మూడేళ్లు పొడిగించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ షెడ్యూల్ చేసింది నేనే. గడువు మార్చాను గానీ, డిస్కౌంట్ రేటు పాతదే ఉంచేశాను. ఒప్పందం మారి గడువు పెరిగినప్పుడు, ఐఎఫ్ఆర్ఎస్ 16 ప్రకారం ఆ తేదీ నాటి కొత్త రేటుతో లీజు బాధ్యతను మళ్లీ లెక్కించాలి. లండన్ టీమ్ పట్టుకుని వెనక్కి పంపింది. రెండు రోజులు పోయాయి. తప్పు నాదే. ఎక్సెల్‌లో ఫార్ములా ఎలా పెట్టాలో నాకు తెలుసు, ఎందుకు పెట్టాలో చదువుకోలేదు.

ఏసీసీఏలో ఎఫ్ఆర్ పేపర్ సరిగ్గా ఇదే నేర్పుతుంది: లీజులు, ఐఎఫ్ఆర్ఎస్ 15 కింద ఆదాయం, గ్రూప్ ఖాతాలు. మనం రివ్యూ కోసం లండన్‌కి పంపేవన్నీ అవే. ఏఏ పేపర్ ఆడిట్‌ది. ఏటా ఆడిటర్లు అడిగే శాంపిళ్లకు జవాబులిచ్చేది మన టీమే కాబట్టి అదీ పనికొస్తుంది.

మొత్తం 13 పేపర్లలో నాకు నాలుగింటికి మినహాయింపు వచ్చింది. పీఎం, టీఎక్స్ సొంత డబ్బుతోనే రాసి పాసయ్యాను. ఇంకా ఏడు మిగిలాయి. అన్నిటికీ అడగడం లేదు, ఎఫ్ఆర్, ఏఏ రెండింటికే అడుగుతున్నాను. ఫీజు పౌండ్లలో కట్టాలి. పైన కార్డు ఛార్జీలు వేరే. పీఎంకి కట్టిన నెలలోనే పాప స్కూల్ ఫీజు కూడా పడింది, అమ్మ దగ్గర చేబదులు తీసుకోవాల్సి వచ్చింది. (ఆవిడ ఇప్పటికీ అడగలేదు, నాకే మొహమాటంగా ఉంది.)

ముందుగా ఎర్లీ ఎంట్రీలో కడితే ఫీజు తగ్గుతుంది, ఆలస్యమయ్యేకొద్దీ పెరుగుతుంది. అందుకే ఈ నెలాఖరులోగా మీ నిర్ణయం తెలిస్తే బాగుంటుంది. కంపెనీయే నేరుగా కడితే నాకు సులువు. అలా కుదరకపోతే నేను కట్టి, కార్డు స్టేట్‌మెంట్‌తో క్లెయిమ్ చేస్తాను. ఏదైనా పేపర్ తప్పితే దాని ఫీజు జీతంలోంచి పట్టుకోండి. ఫలితాలు వచ్చిన ఏడాదిలోపు నేను మానేస్తే మొత్తం తిరిగి ఇస్తానని రాసిస్తాను. కోచింగ్, వార్షిక సభ్యత్వ రుసుము నేనే చూసుకుంటాను.

సెలవు విషయానికొస్తే, పరీక్ష రోజులు రెండు చాలు. నెలాఖరు క్లోజ్‌కి అడ్డురాకుండా చూసుకుంటాను. లీజుల షెడ్యూళ్లు ఆగస్టు నుంచే నేను చేసి, మీరు ఒకసారి చూశాకే లండన్‌కి పంపుదామని నా ఆలోచన. హెచ్ఆర్‌కి ఫారం ఏదైనా నింపాలంటే చెప్పండి. బుధవారం మధ్యాహ్నం మీకు వీలుంటే పది నిమిషాలు కూర్చుందాం.

ఇట్లు,
అనూష
రికార్డ్ టు రిపోర్ట్ టీమ్