సికాకుళం బండి గ్రూపు: నవంబరు వంతులు

ఆదివారం, నవంబరు 1, సాయంత్రం 6:10

శ్రీనివాస్: అందరికీ నమస్కారం. కాస్త పొడుగు మెసేజి. బొటనవేలు గుర్తు పెట్టేసి ఊరుకోకుండా చివరిదాకా చదవండి.

సిరిమాను మంగళవారం సంగతి గుర్తుంది కదా. విజయనగరమంతా జనం, ఇవాళ ఇంకొకరు బండి తెస్తార్లే అని బండ్లున్న ముగ్గురమూ అనుకున్నాం. ఐదుగురం కాంప్లెక్స్ ముందు చేతులూపుకుంటూ తేలి, బస్సులో నిలబడి సికాకుళం వెళ్లాం. నెలాఖరుకి కూర్చుని అక్టోబరు లెక్క తీశాను. బండి నడిచిన 23 రోజుల్లో అప్పలరాజు గారు 11, హేమ గారు 8, నేను 4. నా బండి షెడ్డులో ఉందని మొదటి వారం చెప్పాను, ఆ మాటనే నెలంతా వాడుకున్నాను. అందుకే ఈ పట్టిక రాసే పని నేనే పెట్టుకున్నాను.

సోమ, గురు అప్పలరాజు గారు. మంగళ, శుక్ర హేమ గారు. బుధ, శని నేను. చూడ్డానికి తలా రెండు రోజులు, సమానమే. కానీ ఈ నెలలో సోమవారాలు ఐదున్నాయి, 14న రెండో శనివారం సెలవు. అలాగే వదిలేస్తే 24 రోజుల్లో ఆయనకి 9, హేమ గారికి 8, నాకు 7 పడతాయి. అందుకని 30వ తేదీ సోమవారం నేను తీసుకుంటున్నాను. అప్పుడు తలా 8. ఇకమీదట కూడా ఏ వారం ఎవరిదని కాదు, నెలాఖరుకి ఎవరు ఎన్నిసార్లు నడిపారన్నదే లెక్క.

అక్టోబరు బాకీ కింద అప్పలరాజు గారి గురువారాలు 5, 12, 19 కూడా నావే. అంటే నవంబరులో నాకు 11, ఆయనకి 5, హేమ గారికి 8. రెండు నెలలూ కలిపితే వాళ్లిద్దరికీ 16, నాకు 15. ఆ ఒక్కటీ డిసెంబరులో తీరుస్తాను.

డబ్బులు. నా బండి మీటరులో రానుపోనూ 140 కిలోమీటర్లు. లీటరుకి 16 వస్తే తొమ్మిది లీటర్లకి కొంచెం తక్కువ, పెట్రోలు 110 చొప్పున 960. ఫాస్టాగ్ వార్షిక పాసు (200 సార్లకి) మూడు బండ్లకీ ఉంది కాబట్టి టోల్ దాటిన ప్రతిసారీ సుమారు 15. మొత్తం వెయ్యి వేసుకుందాం, ఐదుగురికి తలా 200. బండి లేని పైడిరాజు, సత్యవతి అక్క ఆ రోజు నడిపినవారికి చెరో 200 ఇస్తారు. బండ్లున్న ముగ్గురి మధ్య డబ్బు లేదు, వంతులే చెల్లింపు. శనివారం శనివారం ఫోన్‌పే చేసేస్తే సరి. ఖర్చు పంచుకోవడం వరకే సుమా. మనవి తెల్ల నంబరు ప్లేట్లు, దారిలో ఎవరినో ఎక్కించుకుని డబ్బు తీసుకోవడం ఉండకూడదు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాడు మొదట అడిగేది అదే.

ఎక్కడం: అందరూ ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదురుగా, 8:10కి. ఇంటింటికీ తిరిగితే ఊళ్లోనే అరగంట పోతోంది. గంటస్తంభం దగ్గర ఆపమని నన్నెవరూ అడగొద్దు. 8:15కి బండి కదిలిపోతుంది. సాయంత్రం 5:40కి డే అండ్ నైట్ జంక్షన్, పది నిమిషాలు చూస్తాం.

రానివాళ్లు ముందు రాత్రి 9 లోపు చెబితే ఆ రోజు డబ్బు లేదు. తర్వాత చెబితే 200 పడుతుంది. ఒంట్లో బాగోకపోతే, చావు కబురు వస్తే ఆ 200 మాటే లేదు.

వంతు మార్చుకోవాలంటే ఇద్దరూ విడిగా మాట్లాడుకోండి, కానీ ఇద్దరూ ఇక్కడ ఒక లైను పెట్టాలి. ఒక్కరే పెడితే మార్పు కాదు. "నిన్న క్యాంటీన్లో అనుకున్నాం కదా" అంటే చెల్లదు.

పొద్దున్న 6:30 దాటాక ఏ ఇబ్బందైనా మెసేజి వద్దు, ఫోన్ చేయండి. బండి మొరాయిస్తే మర్నాడు వంతున్నవాళ్లు ఆ రోజు తీస్తారు, అది వాళ్లకి బాకీ. సాయంత్రం మీటింగులో ఇరుక్కుంటే నడిపేవాళ్లు 4 గంటలకల్లా చెప్పాలి, మిగతావాళ్లు బస్సు చూసుకుంటారు. ఒకవైపే నడిస్తే సగం వంతు, సగం డబ్బు.

6:32

పైడిరాజు: శీనన్నా, ఒక డౌటు. మర్నాడు వంతున్నవాళ్లు తీస్తారన్నావు. 4 నీదే, 5 నీదే. 4న నీ బండి ఆగిపోతే మర్నాటి బండి కూడా అదే కదా?

శ్రీనివాస్: దొరికిపోయాను. సరే, మర్నాడు వంతున్నవాళ్లు కాదు, పట్టికలో ఆ తర్వాత వచ్చే వేరే బండి. 4కైతే హేమ గారిది.

సత్యవతి: 200 బాగానే ఉంది గానీ శ్రీనివాసు, ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవాళ్లకి టిక్కెట్టే లేదు. నేను డబ్బులిచ్చి మీ రేడియో వింటున్నాను, గుర్తుపెట్టుకో.

శ్రీనివాస్: పాటలు మీ ఇష్టం అక్కా, ఇవాళ్టి నుంచీ.

అప్పలరాజు: పట్టిక బాగుందయ్యా. లెక్క ఎవరూ అడక్కుండా తీశావు, సంతోషం. ఒక్క ఇబ్బంది. 16, 23 కార్తీక సోమవారాలు, నాకు ఉపవాసం. పొద్దున్న సరే, సాయంత్రం ఖాళీ కడుపుతో హైవే మీద నడపలేను. ఎవరైనా మారతారా?

హేమ: సార్, 13 శుక్రవారం నాగులచవితి. పిల్లల్ని పుట్ట దగ్గరికి తీసుకెళ్లాలి, ఆ రోజు నేను సెలవు. నా 13 మీరు తీస్తే మీ 16 నేను తీస్తాను.

అప్పలరాజు: చాలా బాగుందమ్మా. 13 శుక్ర నేను, 16 సోమ హేమ.

హేమ: 13 శుక్ర అప్పలరాజు గారు, 16 సోమ నేను.

శ్రీనివాస్: రాసుకున్నాను. హేమ గారూ, మీ 13 సెలవు ఇప్పుడే చెప్పారు కాబట్టి ఆ రోజు ఖర్చు నలుగురికే, తలా 250. 23 సంగతి ఇంకా తేలలేదు.

పైడిరాజు: నాకు లైసెన్సుంది అన్నా. 23న సార్ బండి నేను నడుపుతాను, సార్ పక్కన కూర్చుంటారు. వంతు సార్‌దే.

అప్పలరాజు: నడుపు. ఎనభై దాటితే మాత్రం ఉపవాసం మానేసి నేనే తీసుకుంటాను.

సత్యవతి: 24 పౌర్ణమి, తెల్లారే గుడికి వెళ్తాను, బస్సులో వస్తా. ఇప్పుడే చెబుతున్నాను, 200 అడక్కండి.

బుధవారం, నవంబరు 4, ఉదయం 7:20

శ్రీనివాస్: 6:45కి హేమ గారికి ఫోన్ చేశాను. వెనక టైరు పంచరు, స్టెప్నీలోనూ గాలి లేదు. ఇవాళ హేమ గారి బండి. సమయం, చోటు అవే.

హేమ: అవును, తెస్తున్నాను. నా బండిలో పెట్రోలు తక్కువుంది, 8 గంటలకి కాంప్లెక్స్ పక్క బంకులో ఉంటాను.

శ్రీనివాస్: మార్పు: 4 బుధ హేమ గారు, 6 శుక్ర నేను.

హేమ: 4 బుధ నేను, 6 శుక్ర శ్రీనివాస్ గారు.

పైడిరాజు: అన్నా, రేపు కూడా నీదే. స్టెప్నీలో గాలి కొట్టించావా?

శ్రీనివాస్: సాయంత్రం దిగగానే కొట్టించి ఇక్కడ ఫోటో పెడతాను.

రాత్రి 8:05

శ్రీనివాస్: గాలి కొట్టించాను, పంచరు వేయించాను. షాపు వాడు టైరు పట్టుకుని నిలబడ్డాడు, ఫోటో ఇదిగో. రేపు 8:10.