ఆలస్యంపై స్టాఫ్‌కు మెసేజ్‌లు: తిరగరాసినవి

గ్రూపులో పెట్టేది

ముందు రాసింది: "రేపట్నుంచి లేటుగా వస్తే అటే పొండి. ఇదేమీ సత్రం కాదు."

ఇప్పుడు: "అందరికీ నమస్కారం. షాపు 10 గంటలకు తెరుస్తాం. ఊడ్చి, చిల్లర లెక్కపెట్టి, బిల్లింగ్ మెషీన్ సిద్ధం చేయడానికి అరగంట పడుతుంది. అందుకే 9:30కల్లా అందరూ షాపులో ఉండాలి. ఆలస్యం తప్పదనిపిస్తే 9 లోపు నాకు ఫోన్ చేయండి. మెసేజ్ పెడితే ఆ హడావిడిలో చూడకపోవచ్చు."

బిల్లింగ్ కౌంటర్‌ అతనికి (విడిగానే పంపాలి, నలుగురిలో అంటే మనసు విరిగిపోతుంది)

ముందు రాసింది: "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? బుద్ధుందా?"

ఇప్పుడు: "ఈ వారం సోమ, బుధ, గురువారాల్లో మీరు 10 దాటాక వచ్చారు. బుధవారం కౌంటర్‌లో ఎవరూ లేక ఇద్దరు కస్టమర్లు తీసుకున్న సరుకు అక్కడే పెట్టి వెళ్లిపోయారు. ఇంట్లో ఏదైనా ఇబ్బంది ఉంటే ఈ సాయంత్రం చెప్పండి, కొన్నాళ్లు మధ్యాహ్నం షిఫ్టుకు మార్చే వీలుంది. లేదంటే వచ్చే సోమవారం నుంచి 9:30కే రావాలి. ఆ తర్వాత కూడా చెప్పకుండా ఆలస్యమైతే రాతపూర్వకంగా హెచ్చరిక ఇస్తాను. కౌంటర్ పనిలో మీ లెక్క ఎప్పుడూ తప్పలేదు, అందుకే ముందుగా మీతోనే మాట్లాడుతున్నాను."