చలి బట్టలు, పండగ బట్టలు: పెట్టెల జాబితా, మార్చి 2025

8 మార్చి 2025న అన్నీ లెక్కపెట్టి సర్దాను. మొత్తం 4 పెట్టెలు, 41 బట్టలు. ఈ కాగితం బీరువా తలుపు లోపలి వైపు అంటించి ఉంటుంది. ఎవరు ఏది తీసినా దాని పక్కన తారీఖు వేయండి. ఒక్క గంటసేపు వేసుకున్నదైనా ఉతక్కుండా మాత్రం లోపల పెట్టొద్దు.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, మామయ్యగారి బూడిద రంగు శాలువా అలాగే పోయింది. నిరుడు ఒక్కరోజు కప్పుకున్నారు కదా అని మడిచి పెట్టేశాను. ఈసారి విప్పితే మడత లోపల ఇసుకలా గరగరలాడే రేణువులు, బియ్యపు గింజంత తెల్లటి గూళ్లు, మెడ తగిలేచోట వరసగా ఏడు చిల్లులు. చెమట, నూనె మరక ఉన్నచోటే పురుగు ముందు పడుతుంది. ఎగిరే చిమ్మట బట్ట తినదు. అది పెట్టిన గుడ్లలోంచి వచ్చే పురుగే తింటుంది.

పెట్టె 1: ఇనప ట్రంకు, మంచం కింద
చీటీ: ఉన్ని / పెద్దవాళ్లవి / 13 / ఉతికినవి / 8-3-2025
మామయ్యగారి స్వెట్టర్లు 3, మా ఆయనవి 2, అత్తయ్యగారి గుండీల స్వెట్టర్ 1, శాలువాలు 3, మఫ్లర్లు 2, మంకీ టోపీలు 2.
అత్తయ్యగారి స్వెట్టర్‌కి ఎడమ మోచేతి దగ్గర కుట్టు ఊడింది. చలి రాకముందే కుట్టాలి, అందుకే అన్నిటికంటే పైన పెట్టాను. ఉన్నివేవీ హ్యాంగరుకి తగిలించలేదు, బరువుకి భుజాలు సాగిపోతాయి.

పెట్టె 2: మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బా, అటక మీద ముందు వరస
చీటీ: ఉన్ని + అక్రిలిక్ / బాబువి / 10 / వచ్చే చలికి పొట్టివవుతాయేమో చూడాలి
స్వెట్టర్లు 4, టోపీలు 3, మేజోళ్లు 2 జతలు, చిన్న దుప్పటి 1.
ఏది అసలు ఉన్నో తెలియక, లోపలి కుట్టు నుంచి పోగు తీసి కాల్చి చూశాను. వెంట్రుక కాలిన వాసన వచ్చినవి ఉన్ని, కరిగి గట్టి ఉండకట్టినవి అక్రిలిక్. అక్రిలిక్‌ని పురుగు మామూలుగా ముట్టదు కాబట్టి వాటిని అడుగున వేశాను.

పెట్టె 3: బీరువా పై అర
చీటీ: పట్టు చీరలు / 8 / మడత మార్చాల్సిన తారీఖులు: జూన్ 8, సెప్టెంబర్ 8, డిసెంబర్ 8
అత్తయ్యగారివి 3, నావి 5. ఒక్కొక్కటి ఉతికిన పాత పంచె ముక్కలో చుట్టాను. ప్లాస్టిక్ కవర్లో పెడితే తేమ లోపలే ఉండిపోతుంది, వార్తాపత్రికలో చుడితే సిరా అంటుతుంది. జరీ ఉన్నచోట ఒకే మడత నెలల తరబడి ఉంటే అక్కడే చిరుగుతుంది. అందుకే చీటీ మీద తారీఖులు రాశాను, మడత మార్చాక కొట్టేయండి. అత్తయ్యగారి మెరూన్ చీర అంచు ఇప్పటికే విరుగుతోంది. దాన్ని మడవలేదు, అట్ట గొట్టానికి గుడ్డ చుట్టి, జరీ బయటికి వచ్చేలా దాని మీద చుట్టాను. దాని మీద వేరే ఏదీ పెట్టొద్దు.

పెట్టె 4: బీరువా కింది అర, గుడ్డ సంచి
చీటీ: పండగవి / మగవాళ్లవి, పాపవి / 10
పట్టు పంచెలు 3, ఉత్తరీయాలు 3, నూలు లాల్చీలు 2, పాప పరికిణీ జాకెట్టు 2 జతలు. లాల్చీలకు గంజి పెట్టలేదు. గంజి కోసం వెండిరంగు పురుగులు వస్తాయి. కట్టుకునే రోజే పెడదాం.

పురుగు పట్టకుండా
కలరా ఉండలు ఈసారి ఏ పెట్టెలోనూ లేవు, ఎవరూ వేయొద్దు. బాబు నేలమీద దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఉన్నాడు. ఆ ఉండ మింగినా, ఆ వాసన పట్టిన బట్ట తొడిగినా కొందరు పిల్లల్లో ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి.

వాటి బదులు 1, 4లో నీడన ఎండిన వేపాకు గుడ్డ మూటల్లో కట్టి పెట్టాను. వేపాకు తోడు మాత్రమే, దాని మీదే భరోసా పెట్టుకోకూడదు. ఉతకడం, మూత బిగించడం, నెలకోసారి తెరిచి దులపడం, ఇవే అసలు కాపలా. దులిపేటప్పుడు కాలర్ కింద, జేబు లోపల, మడత గీతల్లో చూడండి. ట్రంకు మూలలు వాక్యూమ్‌తో లాగి, ఆ దుమ్ము వెంటనే బయట పారేయండి.

చిల్లుగానీ గూడుగానీ కనిపిస్తే ఆ బట్టని వెంటనే కవర్లో వేసి, గాలి తీసి బిగించి, ఫ్రీజర్లో -18 డిగ్రీల దగ్గర 2 వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవర్ విప్పొద్దు, విప్పితే చల్లటి బట్ట మీద నీరు పడుతుంది. జరీ చీరలకు ఈ పని చేయొద్దు, నాకు చెప్పండి.

బూడిద రంగు శాలువాని 2 వారాలు ఫ్రీజర్లో ఉంచి తీశాను. చిల్లులు పడని సగం బాబు దుప్పటికి అస్తరు వేశాను. పెట్టె 2లో ఉన్న చిన్న దుప్పటి అదే, అందుకే దాన్ని అన్నిటికంటే పైన పెట్టాను.