నాయనకు, కాఫీ గింజలతో పాటు

నాయనా,

డబ్బా విప్పగానే "ఇదేం మిషన్‌రా" అని అమ్మను అడిగే ఉంటావు. కాఫీ గింజలు పట్టుకునే చేతి గ్రైండర్ ఇది. కరెంటు అక్కర్లేదు. పక్కనున్న పాకెట్లో పావుకిలో గింజలున్నాయి. ఈసారి నీకు చొక్కా గుడ్డ కొనలేదు. పోయిన పండగకు పెట్టినవే ఇంకా కవర్లలో ఉన్నాయని అమ్మ చెప్పేసింది.

నీ ఇన్‌స్టంట్ కాఫీ మాన్పించాలని ఇది పంపడం లేదు. ముందు ఆ టెన్షన్ తీసెయ్. గ్యారేజీలో నైట్ డ్యూటీలు చేసినన్నాళ్లూ నీకు ఉన్నదల్లా ఫ్లాస్కులో వేడినీళ్లు, జేబులో చిన్న పొడి పాకెట్. తెల్లవారుజామున ఫస్ట్ బస్సు డిపో గేటు దాటాలంటే డికాషన్ దిగేదాకా ఎవరు కూర్చుంటారు? ఇక్కడ బెంగళూరులో నా స్నేహితులు కొందరు ఇన్‌స్టంట్ తాగేవాళ్లను చూస్తే మూతి తిప్పుకుంటారు. వాళ్లలో ఒక్కడు కూడా రాత్రి రెండింటికి బస్సు కింద పడుకుని స్పానర్ తిప్పినోడు కాదు.

నిజం చెప్తున్నా, ఈ మిషన్‌ను చూడగానే నువ్వు గుర్తొచ్చావు. కాఫీ సంగతి ఆ తర్వాతే తట్టింది. అంగట్లో అతను దీన్ని విప్పి చూపించాడు. లోపల రెండు స్టీలు పళ్ల చక్రాలు. బయటిది కదలదు, లోపలిది కోను ఆకారంలో ఇరుసు మీద తిరుగుతుంది. ఇరుసుకు పైనా కిందా బేరింగులు. గింజ రెండింటి మధ్య నలిగి, సందు ఎంతుంటే అంత సైజుకు దిగుతుంది. మిక్సీలో బ్లేడు గింజను ఎట్లా పడితే అట్లా కొడుతుంది కాబట్టి కొంత పిండిగా, కొంత రవ్వగా వస్తుంది. ఆ పిండి నుంచి చేదు ఎక్కువ దిగుతుంది, రవ్వలో సారం అట్లానే ఉండిపోతుంది. దీంట్లో అంతా దాదాపు ఒకే సైజు.

లోపలి చక్రం అడుగున ఉన్న నట్టు తిప్పితే సందు మారుతుంది. ఒక్కో మెట్టుకు టిక్కుమంటుంది. టాపెట్లకు ఫీలర్ గేజ్ పెట్టి క్లియరెన్స్ చూసినోడివి, నీకు నేను చెప్పేదేముంది! గింజలు వేయకుండా నట్టును మెల్లగా బిగిస్తూ పో. హ్యాండిల్ పట్టేసినట్టు అనిపించే చోటు సున్నా. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. నేను 15 దగ్గర పెట్టి పంపాను. గట్టిగా మాత్రం బిగించొద్దు, పళ్లు ఒకదానికొకటి రాసుకుంటే మొద్దుబారతాయి.

మొదటి రోజే నువ్వు దీన్ని పూర్తిగా విప్పేస్తావని నాకు తెలుసు. విప్పు. కానీ ఏ భాగం ఏ వరసలో వచ్చిందో అదే వరసలో పేపరు మీద పెట్టుకో, లోపల ఒక సన్నటి స్ప్రింగు, వాషరు ఉంటాయి. రెండు విషయాల్లో మాత్రం నా మాట విను. నూనె గానీ గ్రీజు గానీ ఒక్క చుక్క కూడా వేయొద్దు. నీళ్లతో కడగొద్దు. డబ్బాలో చిన్న బ్రష్ పెట్టాను, వారానికోసారి దాంతో దులిపితే చాలు.

గింజల పాకెట్ మీద బొడ్డులాంటి చిల్లు ఒకటి కనపడుతుంది. డ్యామేజీ అనుకుని టేపు వేసేవు! అది నాన్-రిటర్న్ వాల్వ్. వేయించిన గింజల్లోంచి కొన్నాళ్ల పాటు కార్బన్ డయాక్సైడ్ వస్తూనే ఉంటుంది. అది బయటికి పోవాలి, గాలి మాత్రం లోపలికి రాకూడదు. అందుకే గింజలను ఆ పాకెట్లోనే ఉంచి, మూతి మడిచి క్లిప్పు పెట్టండి. ఫ్రిజ్‌లో వద్దు, చెమ్మ పడుతుంది. వేయించిన తేదీ వెనకాల ఉంది, నెలలోపల వాడేస్తే మంచి వాసన మీద ఉంటాయి. ఒకేసారి అంతా పట్టి పెట్టుకోవద్దు. పొడి చేశాక వాసన తొందరగా పోతుంది. ఏ పూటకు ఆ పూటే తిప్పుకో.

ఇవి చిక్కమగళూరు గింజలు. అక్కడ బాబా బుడన్ కొండలున్నాయి. వందల ఏళ్ల కిందట బాబా బుడన్ అనే సూఫీ ఫకీరు హజ్‌కు పోయి వస్తూ యెమెన్ నుంచి ఏడు కాఫీ గింజలు దాచి తెచ్చి ఆ కొండ మీద నాటాడని చెప్తారు. పెనుకొండ బాబయ్య దర్గాకు చక్కెర చదివించడానికి పోయే మనిషివి కదా, ఈ కథ నీకు నచ్చుతుందని రాశాను.

ఇక కాఫీ కలిపే సంగతి. అటక మీద ఇత్తడి బిందెల వెనక అవ్వ స్టీలు ఫిల్టరు ఉంది, అమ్మను తీయించమను. అడుగు చిల్లులు మూసుకుపోయి ఉంటే పిన్నీసుతో పొడిచి, వేడినీళ్లతో కడగండి. మీ ఇద్దరికీ ఒక పూటకు గ్రైండర్ నిండా గింజలు సరిపోతాయి, అంటే 20 గ్రాములు. తిప్పడానికి నిమిషమో రెండు నిమిషాలో. పొడిని పై గిన్నెలో వేసి గొడుగుతో లైట్‌గా అదిమి, కాగిన నీళ్లు అరగ్లాసు పోసి మూత పెట్టు. పావుగంటలో దిగుతుంది. మరీ గబగబా దిగిపోయి నీళ్లలా ఉంటే నట్టు రెండు టిక్కులు బిగించు. అసలు దిగకపోతే రెండు వదులు చెయ్యి.

మొదటి కప్పు నీకు నచ్చకపోవచ్చు, ఇప్పుడే చెప్తున్నా. నువ్వు తాగే డబ్బా తిప్పి చూడు, కాఫీ, చికోరీ మిశ్రమం అని రాసి ఉంటుంది. చికోరీ అంటే వేయించిన ఒక వేరు. ఆ చిక్కదనం, నల్లటి రంగు చాలావరకు దాని చలవే. ఇందులో చికోరీ లేదు కాబట్టి పల్చగా ఉన్నట్టు అనిపిస్తుంది, కొంచెం పులుపు కూడా తగులుతుంది. పాలు కాస్త తగ్గించి, చక్కెర నీ ఇష్టమొచ్చినంత వేసుకుని తాగు. ఆదివారం అమ్మ ఉగ్గాని, బజ్జీ చేసినప్పుడు మొదలుపెడితే ఇంకా మంచిది. నాకు తెలిసి మిరపకాయ బజ్జీ కారం మీద ఈ కాఫీని మించింది లేదు.

సాయంత్రం పూట మాత్రం నీ డబ్బా కాఫీయే తాగు. ఈ డికాషన్ ఘాటుగా ఉంటుంది, అసలే నీకు నిద్ర అంతంతమాత్రం. బీపీ మాత్ర మర్చిపోవద్దని మళ్లీ చెప్పను, అమ్మ చెప్తుంది.

నచ్చకపోతే మొహమాటపడి "బాగుందిరా" అనొద్దు. గింజలు నేను వచ్చినప్పుడు తాగేస్తాను, గ్రైండర్ నీ టూల్ బాక్సులో ఉండనీ. నచ్చితే మాత్రం పాకెట్ అయిపోవడానికి వారం ముందే ఫోన్ చెయ్యి, మన ఆర్టీసీ పార్సిల్లోనే ఇంకొకటి వేస్తాను. నట్టు ఎన్నో టిక్కు దగ్గర కుదిరిందో కూడా చెప్పు. నా గ్రైండర్ కూడా ఇదే, నాదింకా సరిగ్గా కుదరలేదు.

నీ చిన్నోడు

అమ్మా, ఇది నీకు: దీంట్లో మిరియాలు, యాలకులు, ధనియాలు ఏవీ వేయొద్దు. ఒక్కసారి వేస్తే ఆ వాసన ఇక పోదు. నీకు వేరేది కొనిస్తా.