ఎదురు బజారు పురుగుమందుల కొట్టు కొనాలా: లెక్కలు చూశాక నా అభిప్రాయం

సత్తెనపల్లి, మే 2025

బావగారికి నమస్కారాలు.

ఎదురు బజారు కొట్టాయన అడుగుతున్న 62 లక్షల లెక్కను పుస్తకాలు, గోడౌన్ రెండూ చూసి తేల్చాను. సరుకు 31, రైతుల బాకీలు 23, పేరుకూ ఫర్నిచర్‌కూ 8 లక్షలు అంటున్నారు. కొట్టు తీసుకుందాం, కానీ 23 లక్షల 40 వేలు దాటొద్దని నా మాట.

ముందు రైతుల సంగతి, ఎందుకంటే అసలు తేడా అక్కడే ఉంది. ఆయన ఖాతా పుస్తకంలో 340 పేర్లున్నాయి. ఊరూ ఇంటిపేరూ పెట్టి మన పుస్తకంతో సరిచూస్తే 130 మంది మనకూ ఖాతాదారులే. పత్తి మందులు అక్కడ, మిర్చి మందులు ఇక్కడ అరువు తెచ్చుకుంటున్నారు. రెండు కొట్లూ మనవే అయితే వాళ్లకు రెండింతల అరువు మనం ఇవ్వలేం. మిగతా సరుకు కోసం వాళ్లు మూడో కొట్టుకు పోతారు. అంటే ఈ 130 మందికి డబ్బు కట్టడం మన రైతుల్ని మనమే కొనుక్కోవడం. మిగిలిన 210 మందిలో 60 మంది రెండు సీజన్లుగా ఆ కొట్టు మెట్టెక్కలేదు. నిజంగా కొత్తగా వచ్చేది 150 మంది. వాళ్లూ యజమానిని చూసి రావట్లేదు, పదహారేళ్లుగా ఉన్న గుమాస్తాను చూసి వస్తున్నారు. ఏ చేలో ఏ మందు ఎప్పుడు కొట్టారో అతనికే తెలుసు. అతను మన దగ్గర ఉంటానంటేనే పేరుకు 4 లక్షలు. లేదంటే లక్ష కూడా ఎక్కువే.

ఆ 23 లక్షల బాకీలు మనం కొనొద్దు. 8 లక్షలు మూడేళ్లు దాటినవి, వాటికి రైతు సంతకం గానీ మధ్యలో కట్టిన జమ గానీ లేదు కాబట్టి కోర్టుకు వెళ్లినా నిలవవు. 6 లక్షలు నిరుటివి. ఈ ఏడాదివి 9 లక్షలున్నా, మిర్చి ధర పడిపోయి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలతో జోక్యం చేసుకోవాల్సి వచ్చిన ఏడాది ఇది. చాలామంది సరుకు కోల్డ్ స్టోరేజీలోనే ఉంది. బాకీలు ఆయన పేరునే ఉండనిద్దాం. మనం అడగడం మొదలుపెడితే కొత్త రైతు మన గడప తొక్కడు.

సరుకు 31 లక్షలన్నది ఎమ్మార్పీ మీద వేసిన లెక్క. కొనుగోలు బిల్లుల ప్రకారం పన్ను కాకుండా 26 లక్షల 40 వేలే. అందులో 2 లక్షల 90 వేల సరుకు గడువు దాటింది. అది అమ్మడం నేరం, మన గోడౌన్‌లోకి అడుగుపెట్టనివ్వొద్దు. మరో 4 లక్షల 10 వేలది నాలుగు నెలల్లో గడువు ముగుస్తుంది. కంపెనీ వెనక్కి తీసుకునేది బిల్లు ఎవరి పేరున ఉంటే వాళ్ల దగ్గరే కనుక, అదీ ఆయనే చూసుకోవాలి. మనకు పనికొచ్చేది 19 లక్షల 40 వేలు.

నాకు టెన్షన్‌గా ఉన్నది పుస్తకంలో కనపడని అప్పులు. కంపెనీలకు ఆయన 14 లక్షలు బాకీ. అందులో 6 లక్షల బిల్లులు 180 రోజులు దాటాయి. అలాంటి వాటి మీద తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ వెనక్కి కట్టాలి. 18 శాతం చొప్పున సుమారు 91 వేలు, పైన వడ్డీ. ఆయన కట్టలేదు. వ్యాపారం చేతులు మారితే అప్పటిదాకా ఉన్న జీఎస్టీ బాకీకి కొన్నవాడూ బాధ్యుడేనని చట్టంలో సెక్షన్ 85 చెబుతోంది. అందుకే పేరూ ఖాతాలూ కలిపి టేకోవర్ అని రాయొద్దు, సరుకు బిల్లు మీద కొందాం. అలా చేసినా శాఖ వాళ్లు వ్యాపారంలో కొంత భాగం మారిందని అనవచ్చు. కాబట్టి 4 లక్షలు పద్దెనిమిది నెలలు మన దగ్గరే ఆపుదాం.

పత్తి విత్తనం మొలవలేదని ఇద్దరు రైతులు నిరుడు గొడవపడ్డారని గుమాస్తా చెప్పాడు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువుంది. ఆ బిల్లుల నకళ్లు అడిగాను, ఇంకా ఇవ్వలేదు. యూరియా కూడా ఈ-పాస్ మెషిన్‌లో చూపేదానికంటే గోడౌన్‌లో 46 బస్తాలు తక్కువ. ఆ తేడా తేలేదాకా ఎరువుల జోలికి వెళ్లొద్దు. సరుకు బ్యాంకు ఓడీకి తాకట్టులో ఉంది కనుక డబ్బు నేరుగా ఆ ఖాతాకే వెయ్యాలి, బ్యాంకు లేఖ తీసుకోవాలి. కంపెనీల దగ్గర ఉన్న ఖాళీ చెక్కులు ఆయన వెనక్కి తెచ్చుకోవాలి.

లైసెన్సులు ఆయన పేరునే ఉన్నాయి, మనకు మారవు. ఆ చిరునామాకు మనం కొత్తగా తీసుకోవాలి, కంపెనీలు ఇచ్చే అనుమతి పత్రాలు, అంటే పీసీలు, ఓ ఫారాలు పెట్టాలి. అవి వచ్చేలోపు జూన్ విత్తనాల హడావిడి అయిపోతుంది. కాబట్టి మిర్చి నాట్లకు, అంటే ఆగస్టుకు కొట్టు తెరిచేలా చూద్దాం. ఇప్పుడు ఇచ్చే బయానా 2 లక్షలు మించొద్దు, అదీ లైసెన్సు రాకపోతే తిరిగి ఇవ్వాలన్న షరతుతో.

గుమాస్తాతో మీరే మాట్లాడండి బావగారూ, మీ మాట మీద అతనికి గురి. అతను సరేనన్నాకే ఆడిటర్ దగ్గర అగ్రిమెంటు రాయిస్తాను.

ఇట్లు
మీ బావమరిది